శునకాల దృష్టి, శ్రవణం, నిద్ర: మానవ అనుభవంతో తులన

పచ్చికపై ఆగిన ఎర్రబంతి ఎదుటే ఉన్నా కుక్క దానిని వాసనతో వెతుక్కోవడం తరచుగా కనిపించే దృశ్యం. దీనికి కారణం కంటి నిర్మాణంలోనే ఉంది. రంగులను గుర్తించే శంకుకణాలు మనిషి కంటిలో మూడు రకాలు కాగా, కుక్క కంటిలో రెండే. నీట్జ్, గైస్ట్, జేకబ్స్‌ల 1989 నాటి పరిశోధన దీనిని ప్రయోగపూర్వకంగా చూపింది. ఎరుపు, ఆకుపచ్చల భేదం కుక్కకు అస్పష్టం; నీలం మాత్రం పచ్చిక నుండి స్పష్టంగా వేరుపడుతుంది. కనుక ఆటకు నీలిబంతి తగినది.

వినికిడిలో కుక్కదే పైచేయి. మన చెవి సుమారు 20 కిలోహెర్ట్జ్‌ల వద్ద ఆగిపోతే, కుక్క చెవి దాదాపు 45 వరకు గ్రహిస్తుంది. మనకు నిశ్శబ్దమైన గదిని అది పదేపదే విడిచిపోతుంటే, అక్కడి విద్యుత్ పరికరాలను ఒక్కొక్కటిగా ఆపి పరిశీలించాలి.

కుక్క నిద్ర ముక్కలుముక్కలుగా సాగుతుంది. ఆడమ్స్, జాన్సన్‌లు 1993లో ప్రచురించిన అధ్యయనంలో రాత్రివేళ సగటున 16 నిమిషాల నిద్ర, 5 నిమిషాల మెలకువ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. నిద్రలో కాళ్ళు అదరడం, సన్నగా మూలగడం సాధారణంగా స్వప్నదశకు సూచన. ఆ స్థితిలో హఠాత్తుగా తాకితే, మనిషిని గుర్తించేలోపే అది కరవవచ్చు. దూరం నుండి పేరుపెట్టి పిలవడం క్షేమం. చెవిటిదైతే నేలపై తట్టి ప్రకంపనతో లేపాలి. పిలిచినా మేలుకోక శరీరం బిగుసుకుపోతే అది స్వప్నం కాక మూర్ఛ కావచ్చు. పశువైద్యునికి చూపడం అవసరం.