వెయ్యి దిర్హాములకు ఊళ్లో పడిందెంత?

దుబాయ్‌లో కూలీల క్యాంపుల దగ్గర ఉండే ఎక్స్చేంజ్ దుకాణాల్లో జీతాలు పడిన వారం క్యూలు వీధి దాకా వస్తాయి. ఒక దుకాణం అద్దం మీద ఆ రోజు రూపాయి రేటు మెరుస్తుంటుంది, ఫీజు సంగతి కౌంటర్ దగ్గరే తెలుస్తుంది. పక్క దుకాణం మీద 'ఫీజు లేదు' అని పెద్ద అక్షరాలు. అక్కడ రేటు కొంచెం తక్కువ. జగిత్యాల కుర్రాడో, సిరిసిల్ల మేస్త్రీయో ఈ రెండింటి మధ్య నిలబడి ఏది లాభమో తేల్చుకోవాలి. ఒకచోట తీసుకునేది దిర్హాముల్లో, ఇంకోచోట పోయేది పైసల్లో. రెండింటినీ ఒకే అంకెలోకి దించితే తప్ప పోల్చలేం. ఆ అంకె పేరు అసలు ఖర్చు శాతం.

ముందుగా కొలబద్ద కావాలి. పెద్ద బ్యాంకులు ఒకదానితో ఒకటి డాలర్లు కొనే ధరకూ అమ్మే ధరకూ నడుమ ఉండేదాన్ని మధ్య ధర అంటారు. మామూలు మనిషికి ఆ ధర ఎవరూ ఇవ్వరు. కానీ ఎవరు ఎంత మిగుల్చుకుంటున్నారో చూడాలంటే అక్కడి నుంచే కొలవాలి. దిర్హాము విషయంలో దీన్ని కనుక్కోవడం తేలిక. 1997 నుంచి యూఏఈ తన కరెన్సీని డాలరుకు కట్టేసింది: డాలరుకు 3.6725 దిర్హాములు. కాబట్టి ఆ పూట డాలర్-రూపాయి ధరను 3.6725తో భాగిస్తే దిర్హాము మధ్య ధర వస్తుంది. డాలరు 88.14 రూపాయలైతే దిర్హాము సరిగ్గా 24 రూపాయలు. సౌదీ రియాల్‌కు 3.75తో, ఖతార్ రియాల్‌కు 3.64తో భాగించాలి. కడప నుంచీ కోనసీమ నుంచీ ఎక్కువమంది వెళ్లే కువైట్‌కు మాత్రం ఈ కిటుకు పనిచేయదు. అక్కడి దినార్ ఒక్క డాలరుకే కాక కొన్ని కరెన్సీల బుట్టకు ముడిపడి ఉంది. దాని రూపాయి ధర విడిగా చూసుకోవాల్సిందే.

ఇక లెక్కలోకి వద్దాం. మధ్య ధర 24 రూపాయలు అనుకుందాం. మొదటి దుకాణం ఫీజు 22 దిర్హాములు, దాని మీద 5 శాతం వ్యాట్ కలిపితే 23.10. రేటు 23.85. రెండో దుకాణానికి ఫీజు లేదు, రేటు 23.40. ఈ అంకెలు లెక్క కోసం నేను పెట్టుకున్నవి. మీ ఊరి కుర్రాడి రసీదు మీద వేరేవి ఉంటాయి, లెక్క మాత్రం ఇదే.

జేబులోంచి వెయ్యి దిర్హాములు తీశాడు. మొదటి దుకాణంలో ఫీజు పోగా 976.90 మిగులుతుంది. దాన్ని 23.85తో గుణిస్తే ఊళ్లో పడేది 23,299 రూపాయలు. రెండో దుకాణంలో వెయ్యికి వెయ్యీ మారి 23,400 పడుతుంది. ఇప్పుడు పడిన రూపాయలను జేబులోంచి పోయిన మొత్తం దిర్హాములతో భాగించండి. మొదటిచోట 23.30, రెండోచోట 23.40. ఇవే నిజమైన రేట్లు, అద్దం మీద రాసినవి కావు. మధ్య ధర 24కు మొదటిది 70 పైసలు తక్కువ, అంటే ఖర్చు 2.9 శాతం. రెండోది 60 పైసలు తక్కువ, అంటే 2.5 శాతం. సూత్రంగా రాయాలంటే ఇంతే:

ఖర్చు శాతం = (1 − చేరిన రూపాయలు ÷ (చెల్లించిన మొత్తం దిర్హాములు × మధ్య ధర)) × 100

ఫీజెంత, పన్నెంత, రేటులో కోతెంత అని విడివిడిగా వెతకనక్కర్లేదు. ఎక్కడ తీసుకున్నా అది చివరికి చేరిన రూపాయల్లోనే తగ్గి కనబడుతుంది.

మొత్తానికి 'ఫీజు లేదు' దుకాణమే గెలిచింది కదా అని అక్కడే ఆగితే పొరపాటు. అదే మనిషి మూడు వేల దిర్హాములు తెచ్చాడనుకోండి. మొదటిచోట 70,999 రూపాయలు పడతాయి, ఖర్చు 1.4 శాతం. రెండోచోట 70,200 మాత్రమే, ఖర్చు అదే 2.5 శాతం. దాదాపు ఎనిమిది వందల రూపాయల తేడా, ఈసారి ఎదురు దిక్కుగా. ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని ఉన్నపళంగా మూడు వందల దిర్హాములు పంపితే లెక్క ఇంకా ఘోరం: మొదటిచోట 6,604 రూపాయలు, ఖర్చు 8 శాతం దాటింది. రెండోచోట 7,020.

కారణం సులువే. ఫీజు అన్నది ఎంత పంపినా అంతే ఉండే మొత్తం. పంపే డబ్బు పెరిగేకొద్దీ దాని వాటా పలచబడిపోతుంది. రేటులో కోత అలా కాదు, ప్రతి దిర్హాము వెంటా నడుస్తుంది. మన ఉదాహరణలో ఈ రెండు దుకాణాలూ సమానమయ్యేది జేబులో సుమారు 1,225 దిర్హాములున్నప్పుడు. అంతకు తక్కువైతే ఫీజు లేని చోటు మేలు, ఎక్కువైతే మంచి రేటున్న చోటు మేలు. అందుకే 'ఏ దుకాణం చవక' అన్న ప్రశ్నకు ఎంత పంపుతున్నారో చెప్పకుండా జవాబు లేదు.

ప్రపంచ బ్యాంకు దేశదేశాల మధ్య డబ్బు పంపే ఖర్చును కొలిచేటప్పుడు 200 డాలర్లు, 500 డాలర్లు అని మొత్తాన్ని ముందే బిగించడం వెనక ఉన్న సంగతి కూడా ఇదే. ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 2030 నాటికి ఈ ఖర్చు 3 శాతం లోపుకు రావాలని ఒకటుంది. మన మొదటి దుకాణాన్నే ఈ గీటురాయి మీద పెట్టి చూడండి. 200 డాలర్లంటే 734.50 దిర్హాములు, అక్కడ ఖర్చు 3.7 శాతం పైనే. లక్ష్యం తప్పింది. 500 డాలర్ల దగ్గర 1.9 శాతం. లక్ష్యం అందింది. దుకాణం అదే, రోజూ అదే. చిన్న మొత్తాలు పంపేవాడికి ఒక ప్రపంచం, పెద్ద మొత్తాలు పంపేవాడికి ఇంకొకటి.

అయితే రెండు నెలల డబ్బు కూడబెట్టి ఒకేసారి పంపితే సరి, ఒక ఫీజు మిగులుతుంది అనిపిస్తుంది. నెలకు వెయ్యి పంపే మనిషి రెండు నెలలకోసారి రెండు వేలు పంపితే మొదటి దుకాణంలో 23.10 దిర్హాములు, అంటే దాదాపు 550 రూపాయలు మిగులుతాయి. కాగితం మీద ఇది బాగుంది. కానీ గల్ఫ్‌కు పోయిన చాలామంది వీసాకూ ఏజెంటుకూ ఊళ్లో అప్పు చేసే విమానం ఎక్కుతారు. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 2 శాతం. వెయ్యి దిర్హాముల డబ్బు నెల ఆలస్యంగా చేరితే, ఆ 23,299 రూపాయల అప్పు నెలపాటు తీరకుండా ఉండి 466 రూపాయల వడ్డీ అవుతుంది. మిగిలింది ఎనభై చిల్లర. వడ్డీ నూటికి మూడు రూపాయలైతే దాదాపు 700 పోతుంది, ఫీజు మిగిలినా నష్టమే. అప్పున్నంత కాలం ఎప్పటికప్పుడు పంపడం, తీరాక కూడబెట్టి పంపడం అన్నది తెలివైన పద్ధతి. చాలామంది ఏ లెక్కా వేయకుండానే ఇలా చేస్తారు కూడా.

ఈ రేటు కోత అసలెందుకుంటుంది? గల్ఫ్ ఎక్స్చేంజ్‌లు చాలావరకు మన బ్యాంకుల్లో రూపాయి ఖాతాలు తెరిచి, వాటిలో ముందుగానే డబ్బు నింపి ఉంచుతాయి. వీటిని వోస్ట్రో ఖాతాలు అంటారు, రిజర్వు బ్యాంకు అనుమతించిన రూపీ డ్రాయింగ్ అరేంజ్‌మెంట్ కింద నడుస్తాయి. కౌంటర్‌లో మీరు దిర్హాములిచ్చినప్పుడు అవేవీ సముద్రం దాటవు. ఇక్కడి ఖాతాలోని రూపాయల్లోంచి మీ ఇంటివాళ్ల ఖాతాకు జమవుతుంది. నిమిషాల్లో చేరడం వెనక రహస్యం అదే. ఆ రూపాయలను ఎక్స్చేంజ్ టోకున కొంటుంది, మనకు చిల్లరగా అమ్ముతుంది. నడుమ తేడాలో దాని అద్దె, జీతాలు, లాభం అన్నీ ఉన్నాయి. వ్యాపారం కాబట్టి అందులో తప్పేమీ లేదు. దాన్ని 'ఫీజు లేదు' అనే మాట వెనక దాచడమే నాకు నచ్చదు.

అమెరికా నుంచి బ్యాంకు ద్వారా డాలర్లనే వైర్ చేస్తే కథ వేరు. అక్కడ పంపే రోజున రూపాయి రేటే కనబడదు, కనబడేది వైర్ ఫీజు ఒక్కటే. డాలర్లను రూపాయలుగా మార్చేది ఇక్కడి బ్యాంకు, తన టీటీ బయింగ్ రేటు ప్రకారం. అది మధ్య ధర కంటే తక్కువే ఉంటుంది. దారిలో మధ్యవర్తి బ్యాంకు ఉంటే అది కొన్ని డాలర్లు కోసుకోవచ్చు. మార్పిడి మీద జీఎస్టీ కూడా పడుతుంది, లక్ష రూపాయల మార్పిడికి 180 రూపాయలు. ఇన్ని చేతులు మారినప్పుడు పంపినచోటి రసీదు చూసి ఏమీ చెప్పలేం. డాలస్‌లో ఖాతాలోంచి ఎన్ని డాలర్లు తగ్గాయి, ఇక్కడి పాస్‌బుక్‌లో ఎన్ని రూపాయలు పడ్డాయి అన్న రెండు అంకెలు దగ్గర పెట్టుకుని అదే సూత్రంలో వేయాలి.

ఈ లెక్కలో జనం తరచు జారిపడే చోటు సమయం. సోమవారం ఒక దుకాణం రేటునూ గురువారం ఇంకో దుకాణం రేటునూ పోలిస్తే, ఆ మధ్యలో రూపాయి కదిలిన కదలికే ఖర్చుగా కనబడుతుంది. దిర్హాము 24 నుంచి 24.20కి పెరిగితే మన చేతికి 0.8 శాతం ఎక్కువ వస్తుంది, కానీ దుకాణం తీసుకున్నది ఏమీ తగ్గలేదు. కాబట్టి రెండు రేట్లూ, మధ్య ధరా ఒకే గంటలో చూసుకోవాలి. శని, ఆదివారాల్లో మన దేశంలో బ్యాంకుల మధ్య విదేశీ మారకపు మార్కెట్ మూతపడి ఉంటుంది. ఫోన్‌లో కనబడేది శుక్రవారం ముగింపు ధర. సోమవారం ఎలా తెరుచుకుంటుందో తెలియని దుకాణం తన జాగ్రత్త కోసం కోత కాస్త పెంచుకునే అవకాశం ఉంది. జీతం శుక్రవారం సాయంత్రం పడితే, ఇంట్లో తొందర లేకపోతే, సోమవారం మధ్యాహ్నం దాకా ఆగి పోల్చి చూడవచ్చు.

మొబైల్ యాప్‌లలో ఇంకో మెలిక ఉంది. మొదటిసారి పంపేవాళ్లకు చాలా యాప్‌లు మధ్య ధరకు అంటుకునేంత మంచి రేటిస్తాయి, కొన్ని అంతకంటే ఎక్కువ కూడా ఇస్తాయి. సూత్రంలో వేస్తే ఖర్చు సున్నాకు దిగువన రుణ అంకెగా కూడా రావచ్చు. అది కొత్త ఖాతాదారుడి కోసం కంపెనీ పెట్టే ప్రచార ఖర్చు. ఆ రేటుకు పెట్టిన పరిమితి దాటాక, లేదా రెండోసారి నుంచి, రేటు మామూలుకు వచ్చేస్తుంది. ఒక యాప్‌తో ఏడాది పొడవునా పంపాలా వద్దా అని తేల్చుకునేటప్పుడు మొదటి రసీదును పక్కన పెట్టి, రెండో రసీదులోని అంకెలతో లెక్క వేయండి.