మెడలో బిళ్ల కడితే టీబీయేనా?

2011 ప్రపంచ కప్‌లో యువరాజ్ సింగ్ 362 పరుగులు చేశాడు, 15 వికెట్లు తీశాడు. ఆ రోజుల్లోనే దగ్గు, ఆయాసం అతన్ని వెంటాడాయి, నోట్లోంచి రక్తం కూడా పడింది. అయినా ఆడుతూనే పోయాడు. ఊపిరితిత్తుల నడుమ కేన్సర్ గడ్డ ఉందని తేలి, అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో కీమోథెరపీ మొదలయ్యేసరికి 2012 వచ్చింది. అప్పటికి అతనికి 30 ఏళ్లు.

పదిహేను నుంచి ముప్ఫై తొమ్మిదేళ్ల లోపు వాళ్లకు కేన్సర్ రావడం అరుదు. అందుకే ఈ వయసులో ఆ అనుమానం ఎవరికీ రాదు, రోగికీ రాదు, డాక్టరుకూ రాదు. మోకాలి నొప్పి ఆటలో తగిలిన దెబ్బ అవుతుంది. నీరసం పరీక్షల ఒత్తిడి ఖాతాలోకి పోతుంది. మన దగ్గర ఎక్కువగా మోసం చేసేది మాత్రం మెడలో కట్టిన బిళ్ల.

యువతలో తరచుగా కనిపించే కేన్సర్లలో హాడ్జ్‌కిన్ లింఫోమా ఒకటి. మెడ పక్కన నొప్పి లేని, రబ్బరులా తగిలే బిళ్లతో బయటపడుతుంది. సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం కూడా తోడవుతాయి. టీబీ లక్షణాలూ ఇవే. టీబీ ఇంత ఎక్కువగా ఉన్న దేశంలో డాక్టరు ముందుగా దాన్నే అనుమానించడం తప్పు కాదు. రుజువు లేకుండా అక్కడే ఆగిపోవడం తప్పు.

ఇలాంటి కేసు ఎలా నడుస్తుందో చూద్దాం. బీటెక్ రెండో ఏడు చదివే పంతొమ్మిదేళ్ల కుర్రాడు అనుకోండి. బిళ్లలోకి సన్నటి సూది గుచ్చి కొన్ని కణాలు తీస్తారు. హాడ్జ్‌కిన్‌లో అసలు కేన్సర్ కణాలు చాలా తక్కువ, చుట్టూ మామూలు కణాలే కిక్కిరిసి ఉంటాయి. దాంతో సూదికి అవి చిక్కకపోవచ్చు. పైగా టీబీలో కనిపించే గ్రాన్యులోమాలు ఈ జబ్బులోనూ ఒక్కోసారి ఉంటాయి. రిపోర్టు చూసి టీబీ మందులు మొదలుపెడతారు. రెండు నెలలైనా బిళ్ల తగ్గదు. టీబీ బిళ్లలు కూడా మందులు వాడుతుండగానే కొన్నాళ్లు పెరగవచ్చు కాబట్టి ఇంకొన్నాళ్లు చూద్దామంటారు. మధ్యలో స్టెరాయిడ్ ఇస్తే ఇంకా ప్రమాదం: లింఫోమా తాత్కాలికంగా కరుగుతుంది, మందు పనిచేసిందని ఇంటిల్లిపాదీ ఊరట పడతారు. ఈలోగా జబ్బు ఛాతీలోకి పాకి, పడుకుంటే దగ్గు మొదలవుతుంది.

ఈ చిక్కు విడదీసేది ముక్క పరీక్ష. బిళ్లను సాధ్యమైనంత వరకు మొత్తంగా తీసి, ఒక భాగాన్ని పాథాలజీకి, ఇంకో భాగాన్ని టీబీ కల్చర్‌కు పంపితే రెండు అనుమానాలకూ ఒకేసారి జవాబు దొరుకుతుంది. హాడ్జ్‌కిన్ అని తేలినా గుండె జారిపోనక్కర్లేదు. తొలి దశల్లో పట్టుకుంటే నూటికి తొంభై మంది దాకా కోలుకునే జబ్బు ఇది.

కీమో సాధారణంగా రెండు వారాలకోసారి చొప్పున నాలుగు నుంచి ఆరు నెలలు. అంటే ఒక సెమిస్టర్ మొత్తం. ఎక్కించిన తర్వాత కొన్ని రోజులు వికారం, ఆపైన తెల్లకణాలు పడిపోయే రోజులు. ఆ రోజుల్లో 100.4 డిగ్రీలు దాటిన జ్వరమొస్తే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. జేఎన్‌టీయూ హైదరాబాద్ నిబంధనల్లో హాజరు 75 శాతం ఉండాలి, అనారోగ్య కారణంతో 65 దాకా సడలిస్తారు, అంతకన్నా తగ్గితే డిటెన్షనే. చికిత్స తేదీలతో డాక్టరు లేఖ తీసుకుని ముందే కాలేజీతో మాట్లాడితే, సెమిస్టర్ మధ్యలో ఈ గొడవ ఉండదు. ఉద్యోగంలో కొత్తగా చేరిన వాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. ప్రొబేషన్‌లో ఇన్ని సెలవులు ఎక్కడివి?

అన్నిటికన్నా తక్కువగా మాట్లాడుకునేది పిల్లల గురించి. తొలి విడతలో వాడే మందులతో సంతానం కలగకుండా పోయే ముప్పు తక్కువే. జబ్బు తిరగబెడితే ఇచ్చే ఘాటు మందులతో ముప్పు చాలా ఎక్కువ. అందుకే కీమోకు ముందే వీర్యాన్ని భద్రపరుచుకోవాలి, అది ఒకటి రెండు రోజుల పని. ఆడపిల్లలకు అండాలు తీసి దాచడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది కాబట్టి, అంత వ్యవధి ఉందో లేదో డాక్టరుతో ముందే తేల్చుకోవాలి. కానీ మన ఇళ్లలో డాక్టరుతో మాట్లాడేది నాన్న లేదా మేనమామ. కుర్రాడు పక్కన తల వంచుకుని కూర్చుంటాడు. ఆ మాట ఎవరూ ఎత్తరు.

పెళ్లి సంబంధాలు చెడతాయని బంధువులకు తెలియనివ్వని ఇళ్లు చాలా ఉన్నాయి. ఈ జబ్బు అంటుకోదు, పిల్లలకు రావడమూ బహు అరుదు. తిరగబెట్టే ముప్పు ఎక్కువగా తొలి రెండు మూడేళ్లలోనే కాబట్టి గర్భధారణకు రెండేళ్లు ఆగమని డాక్టర్లు సాధారణంగా చెబుతారు.

తల్లిదండ్రులకు ఒక మనవి. నాలుగు వారాలైనా తగ్గని బిళ్లకు ముక్క పరీక్ష అవసరమా అని డాక్టర్ని అడగండి. కేన్సర్ అని తేలితే, తొలి కీమోకు ముందు ఓ పది నిమిషాలు మీ బిడ్డను డాక్టరు దగ్గర ఒంటరిగా వదిలి మీరు బయట కూర్చోండి.