ఆమ్లం పోశాక బఫర్‌లో ఏం మిగిలింది?

రాని లెక్కను ఫోన్‌లో ఫొటో తీసి స్నేహితులకో, మాస్టారికో పంపడం ఇంటర్ పిల్లలకు మామూలే. బఫర్ లెక్క అలా వస్తే, సూత్రం కన్నా ముందు చూడాల్సింది దశాంశ బిందువుల్ని. ఎందుకో ఈ లెక్క చేస్తే తెలుస్తుంది.

ఎసిటిక్ ఆమ్లం 0.10 మోలార్, సోడియం ఎసిటేట్ 0.10 మోలార్ ఉన్న బఫర్ 100 మి.లీ. ఉంది. అందులో 0.20 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 10 మి.లీ. పోశారు. పోయకముందు పీహెచ్ ఎంత? పోశాక ఎంత?

దీనికి వాడేది హెండర్సన్-హాసెల్‌బాల్క్ సమీకరణం:

pH = pKa + log([CH₃COO⁻] / [CH₃COOH])

ఎసిటిక్ ఆమ్లానికి pKa 4.74. మొదట రెండూ సమానం కాబట్టి నిష్పత్తి 1, దాని లాగ్ సున్నా. పీహెచ్ 4.74.

ఆమ్లం పోశాక నేరుగా సమీకరణంలోకి దూకకూడదు. ముందు జరిగే చర్య లెక్కగట్టాలి. బఫర్‌లో ఎసిటేట్ 10 మిల్లీమోల్‌లు, ఎసిటిక్ ఆమ్లం 10 మిల్లీమోల్‌లు ఉన్నాయి. పోసిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం 0.20 × 10, అంటే 2 మిల్లీమోల్‌లు. అందులోని హైడ్రోజన్ అయాన్లను ఎసిటేట్ పట్టుకుని ఎసిటిక్ ఆమ్లంగా మారుతుంది. అందుకే ఎసిటేట్ 8కి తగ్గుతుంది, ఎసిటిక్ ఆమ్లం 12కి పెరుగుతుంది. రెండూ ఉన్నది ఒకే 110 మి.లీ.లో కనుక నిష్పత్తిలో ఘనపరిమాణం కొట్టివేతకు గురవుతుంది. మిల్లీమోల్‌లనే వేసుకోవచ్చు:

pH = 4.74 + log(8/12) = 4.74 − 0.18 = 4.56

అదే ఆమ్లాన్ని బఫర్‌లో కాక 100 మి.లీ. స్వచ్ఛమైన నీటిలో పోసి ఉంటే పీహెచ్ 7 నుంచి 1.74కి పడిపోయేది. ఇక్కడ తగ్గింది 0.18 మాత్రమే.

చాలామంది నిష్పత్తిని తిరగేసి 12/8 అని వేస్తారు. అప్పుడు 4.92 వస్తుంది. ఆమ్లం పోస్తే పీహెచ్ పెరగదు కదా! ఆ ఒక్క ప్రశ్నతో తప్పు దొరికిపోతుంది.

ఇక ఫొటో సంగతి. మసక ఫొటోలో 0.20 కాస్తా 2.0గా కనిపించిందనుకోండి. అప్పుడు పోసిన ఆమ్లం 20 మిల్లీమోల్‌లు. ఎసిటేట్ ఉన్నదే 10. పదిలోంచి ఇరవై తీసేస్తే రుణసంఖ్య వస్తుంది, దానికి లాగ్ లేదు. నిజంగానే అంత ఆమ్లం పోస్తే ఎసిటేట్ అంతా అయిపోయి, 10 మిల్లీమోల్‌ల బలమైన ఆమ్లం 110 మి.లీ.లో మిగిలిపోతుంది. పీహెచ్ 1.04కి పడిపోతుంది. అప్పుడది బఫరే కాదు, ఆ సమీకరణమూ పనికిరాదు.

కాబట్టి తీసివేత అయ్యాక ఎసిటేట్ ఇంకా మిగిలిందో లేదో చూసి, మిగిలితేనే లాగ్ వైపు వెళ్లాలి. మిగలకపోతే ముందు ఫొటోలోని అంకెను పుస్తకంతో సరిచూసుకోవాలి. అంకె సరైనదే అయితే, మిగిలిన బలమైన ఆమ్లం గాఢత నుంచే పీహెచ్ కట్టాలి.