బ్యాంకులో పడిందే ఆదాయం కాదు!

ఆన్‌లైన్‌లో సరుకు అమ్మే యువతను ‘ఈ నెల ఎంత అమ్మినవ్?’ అని అడిగితే చాలామంది ఫోన్‌లో బ్యాంకు మెసేజ్ చూపిస్తారు. లెక్క తప్పేది అక్కడే. బ్యాంకులో పడిన మొత్తం అమ్మకమూ కాదు, లాభమూ కాదు. కమీషన్, డెలివరీ చార్జీ, పన్ను, రిటర్నులు పోగా, అది కూడా కొన్ని రోజులు ఆలస్యంగా చేతికొచ్చిన మిగులు మాత్రమే.

వేములవాడ నుంచి ఒక ఉదాహరణ తీసుకుందాం. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న ఓ యువతి పక్కనే ఉన్న సిరిసిల్ల నుంచి కాటన్ తువ్వాళ్లు తెచ్చి, జత చొప్పున ఓ మార్కెట్‌ప్లేస్‌లో అమ్ముతోందనుకుందాం. ఇక్కడి చార్జీలు లెక్క కోసం అనుకున్నవి. మీకు వర్తించే రేట్లు మీ సెల్లర్ ప్యానెల్‌లో ఉంటాయి.

ఒక్క ఆర్డర్ విప్పి చూస్తే..

కస్టమర్ కట్టింది రూ.525. ఇందులో 5 శాతం జీఎస్టీ రూ.25 పోగా, అసలు అమ్మకం రూ.500. కమీషన్ రూ.50, డెలివరీ రూ.60, ఫిక్స్‌డ్ ఫీజు రూ.10 కలిపి మార్కెట్‌ప్లేస్ రూ.120 పట్టుకుంటుంది. ఆ ఫీజుల మీద 18 శాతం జీఎస్టీ రూ.21.60. ఇవి కాక జీఎస్టీ కింద టీసీఎస్ రూ.2.50 కోత పడుతుంది. ఇది అమ్మకం విలువలో 0.5 శాతం. 2024 జులై 10కి ముందు 1 శాతం ఉండేది. చివరికి చేతికొచ్చేది రూ.380.90.

జత కొన్న ధర పన్ను కాకుండా రూ.320, ప్యాకింగ్ రూ.15. అంటే లాభం 500లోంచి 120, 320, 15 తీసేయగా రూ.45.

రూ.21.60, రూ.2.50 ఈ లెక్కలో ఖర్చు కాలేదని గమనించండి. ఫీజుల మీద కట్టిన జీఎస్టీ, సరుకు కొన్నప్పుడు కట్టిన రూ.16 జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్‌గా వస్తాయి. టీసీఎస్‌ను జీఎస్టీ పోర్టల్‌లో అంగీకరిస్తే క్యాష్ లెడ్జర్‌లో జమవుతుంది. అంగీకరించడం మరచిపోతే మీ డబ్బు అక్కడే ఉండిపోతుంది. ఆదాయపు పన్ను కింద 0.1 శాతం టీడీఎస్ కూడా ఉంది కానీ, పాన్ లేదా ఆధార్ ఇచ్చిన వ్యక్తుల అమ్మకాలు ఏడాదికి రూ.5 లక్షలు దాటకపోతే కోయరు. మన ఉదాహరణలో అది లేదనుకుందాం.

రిటర్నులు తినేది ఎంత?

మార్చిలో 100 జతలు పంపితే 20 తిరిగొచ్చాయి. అందులో 12 కస్టమర్ తీసుకోక వెనక్కొచ్చినవి. వీటికి చార్జీ లేదనుకుందాం. మిగతా 8 తీసుకున్నాక వాపసు చేసినవి. వీటిలో ఒక్కోదానికి రిటర్న్ చార్జీ రూ.140. తిరిగొచ్చిన వాటిలో 4 జతలు మరకలుపడి పనికిరాకుండా పోయాయి.

నిలిచిన 80 ఆర్డర్ల మీద రూ.45 చొప్పున రూ.3,600 మిగలాలి. ఇందులోంచి రిటర్న్ చార్జీలు రూ.1,120 పోతాయి. వెనక్కొచ్చిన 20 జతల ప్యాకింగ్ రూ.300 పోతుంది. పాడైన 4 జతలకు కొన్న ధరతో పాటు వాటిమీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ కూడా వెనక్కివ్వాలి కాబట్టి, రూ.336 చొప్పున రూ.1,344 పోతుంది. చివరికి మిగిలింది రూ.836. వంద పార్శిళ్లు కట్టిన నెల మొత్తానికి అంతే!

అందుకే రిటర్నులను అమ్మకంలో కలిపేసి మాయం చేయకూడదు. వెనక్కొచ్చిన ప్రతి ఆర్డర్‌కు క్రెడిట్ నోట్ రాయాలి. తిరిగొచ్చిన సరుకును చేతితో చూసి, బాగున్నది స్టాక్‌లోకి, పాడైనది నష్టంలోకి వేరుచేయాలి.

మార్చి 31న లెక్క ఎలా?

నిలిచిన 80 ఆర్డర్లలో 25 ఆర్డర్ల డబ్బు ఏప్రిల్‌లో వస్తుందనుకుందాం. మార్చిలో బ్యాంకులో పడింది రూ.19,627.90 మాత్రమే. అదే అమ్మకమని రాస్తే తప్పు. అమ్మకం రూ.40,000. బిల్లు మార్చిలో కొట్టారు కాబట్టి జీఎస్టీ కూడా మార్చిదే. నెలనెలా రిటర్న్ వేసేవారు ఏప్రిల్ 20లోగా జీఎస్టీఆర్-3బిలో చూపాలి. డబ్బు ఇంకా రాలేదన్నది కారణంగా పనికిరాదు.

దీనికి మందు ఒక్కటే: మార్కెట్‌ప్లేస్‌ను అప్పు తీసుకున్న మనిషిలా చూడండి. ట్యాలీలో దాని పేరున ఒక లెడ్జర్ తెరవండి. బిల్లు కొట్టగానే రూ.525 దాని ఖాతాలో డెబిట్. రిటర్న్, ఫీజు, టీసీఎస్, బ్యాంకులో పడిన సొమ్ము.. అన్నీ క్రెడిట్. నెలాఖరున మిగిలిన బ్యాలెన్స్, ఇంకా డబ్బు రాని ఆర్డర్ల మొత్తంతో సరిపోవాలి. ఇక్కడ 25 ఆర్డర్లు, రూ.380.90 చొప్పున రూ.9,522.50.

సరిపోకపోతే? ఫీజులను రేట్ కార్డు ప్రకారం రాస్తే లెడ్జర్‌లో రూ.9,876.50 కనిపించిందనుకోండి. తేడా రూ.354. జీఎస్టీ తీసేయడానికి 1.18తో భాగిస్తే సరిగ్గా రూ.300. సెటిల్‌మెంట్ రిపోర్టులో డెలివరీ చార్జీల వరుస చూస్తే పది ఆర్డర్లకు రూ.60 బదులు రూ.90 పట్టారు. పార్శిల్ బరువును పై శ్లాబులో వేశారన్నమాట. ప్యాకెట్‌ను కాటా మీద పెట్టిన ఫొటో ఉంటే క్లెయిమ్ వేయొచ్చు. క్లెయిమ్‌కు గడువు ఉంటుంది కాబట్టి ఏడాది చివర్లో చూస్తే లాభం లేదు. రిటర్న్ అయిందని చూపించి సరుకు చేరని ఆర్డర్లు కూడా ఇలాగే బయటపడతాయి.

గేట్‌వేకు వేరే ఖాతా

ఇన్‌స్టాగ్రామ్‌లో ఆర్డర్ తీసుకుని పేమెంట్ లింక్ పంపితే మార్కెట్‌ప్లేస్ కమీషన్ ఉండదు, టీసీఎస్ ఉండదు. గేట్‌వే ఫీజు 2 శాతమైతే రూ.525 మీద రూ.10.50, దానిమీద జీఎస్టీ రూ.1.89. ఖాతాలోకి వచ్చేది రూ.512.61. కస్టమర్‌కు డబ్బు వాపసిస్తే మాత్రం పూర్తి రూ.525 ఇవ్వాలి. గేట్‌వే తన ఫీజును చాలాసార్లు తిరిగివ్వదు. పైగా ఇవాళ్టి రీఫండ్‌ను రేపటి సెటిల్‌మెంట్‌లోంచి కోసి, మిగతాది ఒకే మొత్తంగా పంపుతుంది. కాబట్టి గేట్‌వేకూ విడిగా లెడ్జర్ ఉండాలి.

వారానికి ఓసారి కూర్చుని సెటిల్‌మెంట్ రిపోర్టు, బ్యాంకు స్టేట్‌మెంట్, ఆర్డర్ల జాబితా పక్కపక్కన పెట్టి ఆర్డర్ నంబర్ వారీగా టిక్ పెట్టండి. బీకాం చదువుతూ ట్యాలీ నేర్చుకున్నవారు ఈ మూడింటినీ కలపడం సాధన చేస్తే, అమ్మేవాళ్ల దగ్గర పార్ట్‌టైంగా చేయగల పని ఇది. ముందుగా మీకు తెలిసిన ఒక సెల్లర్ గత నెల రిపోర్టు తీసుకుని, ఆ బ్యాలెన్స్ సరిపోతుందేమో చూడండి.