పీఎస్4 లైట్ వెలుగుతోంది, టీవీలో బొమ్మ లేదు: బాగు చేయించాలా, కొత్తది కొనాలా?

2024 మే నెల. ఎమ్మిగనూరు నుంచి మా చిన్నాన్న కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, పీఎస్4 ఆన్ అయితాంది, తెల్ల లైట్ వస్తాంది, టీవీలో మాత్రం బొమ్మ రాల్యా." ఏం జరిగిందిరా అంటే మొదట ఏమీ లేదన్నాడు. రెండోసారి అడిగితే అసలు విషయం చెప్పాడు. కేబుల్ పీకకుండానే కన్సోల్‌ను పక్క గదికి తీసుకెళ్లబోయాడట, కేబుల్ లాగేసరికి స్టాండ్ మీది నుంచి జారిందట.

అప్పటికే ఊళ్లో ఒక షాపుకు తీసుకెళ్లాడు. ఐదు నిమిషాలు చూసి "బోర్డు పోయింది, మూడు వేలిస్తా, వదిలేసి పో" అన్నారట. మావాడు ఇచ్చేయడానికి సిద్ధం. ఎందుకంటే సరిగ్గా నెల ముందు, ఏప్రిల్ 5న పీఎస్5 స్లిమ్ మన దేశంలో అమ్మకానికి వచ్చింది. డిస్క్ మోడల్ 54,990 రూపాయలు. పాతది పోయిందని చెప్తే చిన్నాన్న కొనిస్తాడని వీడి లెక్క. చిన్నాన్నది చిన్న అంగడి, యాభై ఐదు వేలంటే ఆయనకు తమాషా కాదు. ఆదివారం వస్తా, అంతవరకు ఎవరికీ ఇవ్వొద్దని చెప్పా. మేం ఉండేది ఆదోనిలో, బస్సెక్కితే గంటలోపే ఎమ్మిగనూరు.

వెళ్లగానే వేరే టీవీ, వేరే కేబుల్ పెట్టి చూశా. అదే కథ. తర్వాత సేఫ్ మోడ్. కన్సోల్ పూర్తిగా ఆపి, పవర్ బటన్‌ను ఏడు సెకన్ల దాకా, రెండో బీప్ వినిపించే వరకు నొక్కి పట్టుకోవాలి. ఇక్కడ బొమ్మ తక్కువ రిజల్యూషన్‌లో వస్తుంది. సేఫ్ మోడ్‌లో బొమ్మ వచ్చి మామూలుగా ఆన్ చేస్తే రాకపోతే పోర్టు బాగానే ఉందనుకోవచ్చు, మెనూలో Change Resolution ఎంచుకుంటే పైసా ఖర్చు లేకుండా పనైపోవచ్చు. మాకు అక్కడ కూడా నలుపే. ఫోన్ టార్చ్ వేసి పోర్టులోకి చూస్తే రెండు పిన్నులు పక్కకు వంగి కనిపించాయి.

ఇక్కడే చాలామంది ఆగి "పోర్టు పోయింది" అని తేల్చేస్తారు. కానీ కంటికి కనిపించేది పోర్టు మాత్రమే. దాని వెనక బోర్డు మీద సన్నని ఫిల్టర్లు, ఆ వెనక హెచ్‌డీఎంఐ సిగ్నల్ పంపే చిప్ ఉంటాయి. వాటన్నిటి వెనక అసలు ప్రాసెసర్. పోయింది వీటిలో ఏదో తెలియకుండా రిపేరా, రీప్లేస్‌మెంటా అనే ప్రశ్నకు జవాబు లేదు. పోర్టు అయితే చిన్న పని. చిప్ అయితే పెద్ద పని. ప్రాసెసర్ అయితే నా మటుకు పని అయిపోయినట్టే.

రిమోట్ ప్లే పెట్టి చూడండి

ఈ తేడా తెలుసుకోవడానికి నాకు బాగా పనికొచ్చిన చిట్కా ఫోన్‌లోని PS Remote Play యాప్. బొమ్మ కన్సోల్ నుంచి వైఫైలో వస్తుంది కాబట్టి హెచ్‌డీఎంఐ దారితో దానికి సంబంధమే లేదు. అదృష్టం ఏంటంటే, రాత్రిళ్లు దుప్పటి కింద ఆడుకోడానికి మావాడు అంతకుముందే దాన్ని సెట్ చేసి పెట్టుకున్నాడు. అదే అకౌంట్‌తో యాప్ తెరిచాం. అర నిమిషానికి ఫోన్‌లో పీఎస్4 హోమ్ స్క్రీన్ వచ్చేసింది!

ఆ ఒక్క స్క్రీన్‌తో ప్రాసెసర్, మెమరీ, హార్డ్ డిస్క్, సాఫ్ట్‌వేర్ అన్నీ బతికే ఉన్నాయని తేలింది. "బోర్డు పోయింది" అన్నమాట అబద్ధం. ఒక జాగ్రత్త: రిమోట్ ప్లే రాకపోతే బోర్డు పోయిందని మాత్రం అనుకోకండి. ముందుగా సెట్టింగ్స్‌లో దాన్ని ఆన్ చేసి ఉండకపోతే ఎలాగూ రాదు. అందుకే కన్సోల్ బాగున్నప్పుడే ఒకసారి ఆన్ చేసి ఉంచుకోవడం మంచిది.

దీనితో ఇంకో పని కూడా అయింది. పీఎస్4 హార్డ్ డిస్క్‌లోని డేటా ఆ కన్సోల్‌కే ముడిపడి ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. దాన్ని ఊడదీసి పీసీకి పెట్టినా సేవ్ ఫైళ్లు బయటికి రావు. కాబట్టి మదర్‌బోర్డు ఎవరి చేతుల్లోనైనా కాలిపోతే మావాడి మూడేళ్ల కెరీర్ మోడ్ కూడా దాంతోనే పోతుంది. పెన్ డ్రైవ్ పెట్టి, ఫోన్ స్క్రీన్ మీదే Application Saved Data Management లోకి వెళ్లి, Saved Data in System Storage, ఆపై Copy to USB Storage Device నొక్కాం. ఆ సేవ్‌లు పెన్ డ్రైవ్‌కు చేరాకే స్క్రూ డ్రైవర్ పట్టుకున్నా.

పోర్టా, చిప్పా: మీటర్ చెప్తుంది

ఆదోనిలో మా ఫ్రెండ్‌కు తెలిసిన ఒక మొబైల్ రిపేర్ అన్న ఉన్నాడు. మైక్రోస్కోప్, హాట్ ఎయిర్, కింద నుంచి వేడి చేసే ప్రీహీటర్ అన్నీ ఉన్నాయి. నిజానికి కన్సోల్ రిపేర్ బోర్డు వేలాడదీసిన షాపు కంటే ఈ మూడూ ఉన్న మొబైల్ షాపే నయం. హెచ్‌డీఎంఐ పోర్టుకు 19 సన్న పిన్నులతో పాటు బోర్డులోకి దిగే లావు కాళ్లుంటాయి. ఆ కాళ్లు అతుక్కునేది పెద్ద గ్రౌండ్ రాగి పొరకు, అది వేడినంతా లాగేసుకుంటుంది. కింది నుంచి వేడి ఇవ్వకుండా పై నుంచి మాత్రమే ఊది, టంకం కరగకముందే పోర్టును పీకితే కింద ఉన్న రాగి ప్యాడ్లు కూడా లేచొస్తాయి. అప్పుడు చిన్న పని కాస్తా సన్న వైర్లు లాగి అతికించే పని అవుతుంది. సగం పాడైన కన్సోల్ పూర్తిగా పాడయ్యేది ఎక్కువగా ఈ మొదటి ప్రయత్నంలోనే.

అన్న పోర్టు ముట్టుకునే ముందు మల్టీమీటర్‌ను డయోడ్ మోడ్‌లో పెట్టాడు. పవర్ పూర్తిగా తీసేసి, ఎర్ర ప్రోబ్ గ్రౌండ్‌కు, నల్లది ఒక్కో పిన్నుకు. బొమ్మను మోసే లైన్లు మొత్తం ఎనిమిది: 1, 3, 4, 6, 7, 9, 10, 12 నంబర్ పిన్నులు. అంకె ఎంత అన్నది మోడల్‌ను బట్టి మారుతుంది. ఎనిమిదీ దాదాపు ఒకేలా ఉన్నాయా లేదా అన్నదే చూడాలి. మాకు ఆరు ఒకేలా వచ్చాయి, రెండు మాత్రం OL, అంటే దారి తెగిపోయింది. ఏదైనా సున్నా దగ్గరికి వస్తే లైన్ గ్రౌండ్‌కు షార్ట్ అయినట్టు, అప్పుడు చిప్ మీద అనుమానం పెరుగుతుంది.

పోర్టు తీశాక అవే రెండు లైన్లను బోర్డు ప్యాడ్ మీద మళ్లీ కొలిచాడు. ఈసారి మిగతా ఆరింటితో సమానంగా వచ్చాయి. అంటే తెగింది పోర్టు పిన్నుల దగ్గరే, వెనక చిప్ బాగుంది. ప్యాడ్ మీద కూడా OL వచ్చి ఉంటే మధ్యలోని ఫిల్టర్‌ను చూడాల్సి వచ్చేది. ఇక్కడిదాకా ఆయన తీసుకున్నది 200 రూపాయలు. కొత్త పోర్టు వేయడానికి ఇంకో 1,600 అన్నాడు.

ఇక లెక్క. ఈ 1,800ను చాలామంది కొత్త కన్సోల్ ధరతో పోలుస్తారు. 54,990 పక్కన పెడితే ఏ రిపేరైనా చవకగానే కనిపిస్తుంది, అందుకే ఆ పోలిక తప్పు. అదే మోడల్ పని చేసే సెకండ్ హ్యాండ్ ధరతో పోల్చాలి. మేం విచారిస్తే అలాంటి స్లిమ్‌కు 14 వేల దాకా చెప్పారు. నా పద్ధతి ఏంటంటే, రిపేర్ ఆ ధరలో మూడో వంతు లోపు ఉంటే చేయించేస్తా. సగం దాటితే చేయించను. మధ్యలో ఉంటే పనికి కనీసం మూడు నెలల వారంటీ అడుగుతా. చిప్ పోయి ఉంటే మాకు ఐదారు వేలు అయ్యేదట, పైగా గ్యారంటీ లేదు. అలాగైతే ఉన్నదున్నట్టు అమ్మేసి, సెకండ్ హ్యాండ్ స్లిమ్ తీసుకోమనేవాణ్ని.

తెరిచాక కనిపించిన దూది

మూత తీయగానే అన్న నవ్వాడు. ఫ్యాన్ రెక్కల మీద, హీట్ సింక్ సందుల్లో బూడిద రంగు దుప్పటిలా పేరుకుపోయి ఉంది. మామూలు దుమ్ము కాదు, దూది పోగులు కలిసిన దుమ్ము. ఆదోని అంటే పత్తి మార్కెట్, జిన్నింగ్ మిల్లులు. ఎమ్మిగనూరు అంటే మగ్గాలు. మా వైపు గాల్లోనే నూలు ఉంటుంది. పొడి దుమ్ము ఊదితే లేచిపోతుంది, ఇది మాత్రం చాపలా అల్లుకుని రెక్కల మధ్య గాలిని ఆపేస్తుంది. అందుకే ఫ్యాన్ జెట్ విమానంలా మోగుతుంటే ఫ్యాన్ పాడైందని అనుకోకండి. ముందు శుభ్రం చేసి చూడండి. బ్రష్‌తో దులిపి, రెక్కను వేలితో పట్టుకుని బ్లోయర్ కొట్టాలి. వదిలేసి కొడితే ఫ్యాన్ అతి వేగంగా తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది. శుభ్రం చేశాక కూడా గరగరమంటే, లేదా అసలు తిరగకపోతే అప్పుడు ఫ్యాన్ మార్చండి. ఈ మూడు రోగాల్లో నేను ఆలోచించకుండా డబ్బు పెట్టేది దీనికే.

పీఎస్5 ఉన్నవాళ్లకు ఒక్క మాట: దాని ప్రాసెసర్ మీద పేస్ట్ బదులు లిక్విడ్ మెటల్ ఉంటుంది. పక్క ప్యానెల్ తీసి దుమ్ము లాగడం వరకు ఓకే. "పేస్ట్ కూడా మార్చేస్తా" అని ఎవరైనా హీట్ సింక్ తీయబోతే ఆపండి.

డ్రైవ్ సంగతి కొంచెం మెలిక. హార్డ్ డిస్క్ పోతే, అంటే CE-34335-8 లాంటి ఎర్రర్ వస్తే, పీఎస్4లో అది మామూలు 2.5 అంగుళాల సాటా డిస్క్. ఎస్ఎస్‌డీ కొని మీరే వేసుకోవచ్చు, సిస్టమ్ సాఫ్ట్‌వేర్ పెన్ డ్రైవ్‌లో పెట్టుకుని సేఫ్ మోడ్‌లో ఇన్‌స్టాల్ చేస్తే చాలు. సీడీ తీసుకోని డిస్క్ డ్రైవ్ అయితే మోడల్ చూడాలి. స్లిమ్‌లో డ్రైవ్ కంట్రోలర్ మదర్‌బోర్డు మీదే ఉంటుంది కాబట్టి లెన్స్ మార్చినా, డ్రైవ్ మొత్తం మార్చినా పని చేస్తుంది. మొదటి తరం లావు పీఎస్4లో, మొదటి పీఎస్5లో డ్రైవ్‌కు అంటుకుని ఉండే చిన్న బోర్డు మదర్‌బోర్డుతో జతకట్టి ఉంటుంది. వేరే కన్సోల్ డ్రైవ్ తెచ్చి పెడితే డిస్క్ చదవదు. పాత బోర్డును అలాగే ఉంచి లెన్స్ భాగం మాత్రమే మార్చాలి. షాపులో "మొత్తం డ్రైవ్ మార్చేస్తాం" అంటే ఈ బోర్డు సంగతి అడగండి. తెల్లమొహం వేస్తే కన్సోల్ వెనక్కి తెచ్చుకోండి.

మావాడి దగ్గర పదకొండు పీఎస్4 డిస్కులున్నాయి. కోపంగా ఉన్నప్పుడు సెకండ్ హ్యాండ్ పీఎస్5 డిజిటల్ అయినా కొనుక్కుంటా అన్నాడు. డిజిటల్‌లో ఆ పదకొండూ టీ గ్లాసుల కింద పెట్టుకోడానికే పనికొస్తాయని చెప్తే కాస్త చల్లబడ్డాడు.

మంగళవారం సాయంత్రం అన్న ఫోన్ చేశాడు, బొమ్మ వచ్చింది. మొత్తం 1,800, శుభ్రం చేసినందుకు ఏమీ తీసుకోలేదు. చిన్నాన్న ఇచ్చిన రెండు వేలలో మిగిలిన రెండు వందలతో మావాడు పొడవాటి హెచ్‌డీఎంఐ కేబుల్ కొన్నాడు, ఈసారి పక్క గదికి కేబులే వెళ్తుందట.