తెల్ల పిల్లి చెవి కొస ఎందుకు కందుతుంది?

ఒళ్లంతా తెలుపు, ఒక చెవి మాత్రం నలుపు ఉన్న పిల్లిని ఊహించుకోండి. రోజూ మధ్యాహ్నం గోడ మీద పడుకుని ఎండ కాచుకుంటుంది. వేసవి నడిమికి వచ్చేసరికి దాని తెల్ల చెవి కొస ఎర్రగా కందుతుంది, అంచున సన్నని పొట్టు లేస్తుంది. నల్ల చెవికి మాత్రం ఏమీ కాదు. రెండు చెవులకూ తగిలింది ఒకే ఎండ. నల్ల చెవి చర్మంలో ఉన్న మెలనిన్ అనే రంగు పదార్థం అతినీలలోహిత కిరణాలను అడ్డుకుంది. తెల్ల చెవికి ఆ రక్షణ లేదు. పైగా చెవి కొసన వెంట్రుకలు పలచగా ఉంటాయి కాబట్టి ఎండ నేరుగా చర్మం మీదే పడుతుంది. ముక్కు కొన, కనురెప్పల అంచులు కూడా ఇలాంటివే.

మొదటి ఏడాది ఈ ఎరుపు చలికాలానికి తగ్గిపోతుంది, ఇంట్లోవాళ్లు మరచిపోతారు. మరుసటి వేసవిలో మళ్లీ వస్తుంది, ఈసారి కాస్త ఎక్కువగా. అంచున వెంట్రుకలు రాలతాయి, చెక్కు కడుతుంది, చెవి కొస లోపలికి ముడుచుకుంటుంది. ఏళ్ల తరబడి ఇలాగే సాగితే అది మానని పుండుగా మారవచ్చు. చెక్కు ఊడినప్పుడల్లా రక్తం వస్తూ, చెవి అంచు కొరుక్కుతిన్నట్టు తరిగిపోతుంటే చర్మ క్యాన్సర్ అని అనుమానించాలి. అప్పుడు డాక్టరు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. తొలిదశలోనే దొరికితే చెవి పైభాగం కోసి తీసేయడంతో చాలా పిల్లులు కోలుకుంటాయి. చెవి పొట్టిగా కనిపిస్తుందేగాని వినికిడికి ఢోకా ఉండదు. ముక్కు మీద వస్తే మాత్రం వైద్యం కష్టం, అక్కడ కోసి తీయడానికి అంత చోటుండదు.

చెవి మీద చెక్కు కట్టిందల్లా ఎండ వల్లేనని అనుకోకూడదు. పిల్లులకు గజ్జి కూడా చాలాసార్లు చెవి అంచునే మొదలవుతుంది. గజ్జి అయితే విపరీతమైన దురద, రాత్రీపగలూ గోక్కోవడం ఉంటాయి, చర్మం రంగుతో దానికి పనిలేదు. ఎండ వల్ల కందినప్పుడు మొదట్లో దురద అంతగా ఉండదు, తెల్ల భాగం వరకే ఆగుతుంది.

కుక్కల్లో గులాబీ ముక్కు ఉన్నవాటికి ఈ బెడద ఎక్కువ. తమిళనాడుకు చెందిన రాజపాళయం జాతి ఇందుకు మంచి ఉదాహరణ, ఒళ్లు పాలతెలుపు, ముక్కు గులాబీ. ముక్కు తడి భాగానికీ వెంట్రుకలు మొదలయ్యే చోటుకీ మధ్య ముందుగా ఎర్రబడుతుంది. అయితే పుట్టుకతో నల్లగా ఉన్న ముక్కు రంగు పోయి, గరుకుదనం తగ్గి నున్నగా అవుతుంటే అది ఎండకు కందిన చర్మం మాత్రమే కాకపోవచ్చు. దాని వెనుక లూపస్ లాంటి జబ్బు ఉండవచ్చు, ఎండకు అదీ ముదురుతుంది. డాక్టరుకు చూపించాలి.

అన్నిటికన్నా బాగా పనిచేసేది నీడ. ఉదయం 10 నుంచి సాయంత్రం 4 వరకు తెల్ల పిల్లిని ఇంట్లోనే ఉంచాలి, కుక్కను ఆ వేళకు ముందో తర్వాతో తిప్పాలి. మబ్బు పట్టిన రోజున కూడా అతినీలలోహిత కిరణాలు పడుతూనే ఉంటాయి. కిటికీ అద్దం వాటిలో ఒక రకాన్ని ఆపుతుంది, ఇంకో రకాన్ని చాలావరకు వదిలేస్తుంది. పిల్లికి కిటికీ దగ్గరే పడుకునే అలవాటుంటే అద్దానికి ఆ కిరణాలను ఆపే ఫిల్మ్ అంటించాలి, లేదా కర్టెన్ వేయాలి.

మనం వాడే సన్‌స్క్రీన్ రాయకండి. చాలా వాటిలో ఉండే జింక్ ఆక్సైడ్‌ను కుక్క నాకితే ఎర్ర రక్తకణాలు దెబ్బతినవచ్చు. సాలిసిలేట్లు పిల్లులకు ప్రమాదం. పిల్లి తన చెవిని నేరుగా నాకలేదు కదా అనిపించవచ్చు. కానీ కాలిని నాకి, ఆ కాలితో చెవి తుడిచి, మళ్లీ కాలిని నాకుతుంది. రాసిందంతా అలా కడుపులోకే పోతుంది. జంతువుల కోసం చేసినదే, డాక్టరును అడిగి ఎంచుకోవాలి. బయటికి వెళ్లడానికి పావుగంట ముందు పలచగా రాసి, ఆరేదాకా ఆటలో పెట్టాలి. బయటే ఎక్కువసేపు ఉంటే కొన్ని గంటలకోసారి మళ్లీ రాయాలి.

ఇప్పటికే కందిపోయి ఉంటే నీడకు తెచ్చి, చల్లని నీటిలో ముంచి పిండిన మెత్తటి గుడ్డ కాసేపు వేయండి. ఐసుగడ్డ పెట్టొద్దు, చెక్కు పీకొద్దు. నొప్పికని పారాసిటమాల్ ఇవ్వనే ఇవ్వకూడదు, ఒక్క మాత్రతో పిల్లి ప్రాణం పోవచ్చు. బొబ్బలు లేచినా, రెండు మూడు వారాల్లో పుండు మానకపోయినా ఇంటి వైద్యం ఆపి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి.