తాతయ్య ఫైలు పేరు మార్చకండి

ఐదు నిమిషాల యానిమేషన్ సినిమాకు, సెకనుకు 24 చొప్పున 7,200 ఫ్రేములు కావాలి. ఆ పని వందల ఫైళ్లలో చెదిరి ఉంటుంది. బ్లెండర్‌లో షాటు ఫైలు తెరిస్తే తాతయ్య కనిపిస్తాడు కానీ, లింకు చేసిన పాత్ర నిజానికి ఆ ఫైలులో ఉండదు. అది ఫలానా ఫోల్డరులో ఉందన్న చిరునామా మాత్రమే ఉంటుంది. ఎవరో సర్దుదామని తాతయ్య ఫైలుకు పేరు మారిస్తే, మర్నాడు షాట్లన్నిట్లో తాతయ్య మాయం. టెక్స్చర్ దొరక్కపోతే పంచె ముదురు గులాబీ రంగుకు తిరుగుతుంది.

అందుకే పాత్రకు రెండు ఫోల్డర్లు పెట్టుకోవాలి. `work`లో `tatayya_v013.blend`, `tatayya_v014.blend` అంటూ నంబర్లు పెరుగుతూ పోతాయి. ఓకే అయినదాన్ని `publish`లోకి నంబరు లేకుండా `tatayya.blend` పేరుతో కాపీ చేస్తారు. షాట్లన్నీ దీనికే లింకు అవుతాయి. 14లో మోచెయ్యి వంకర పోయిందా, 13ను మళ్లీ అదే పేరుతో కాపీ చేస్తే చాలు. షాట్లు ఈసారి తెరిచినప్పుడు సరైన తాతయ్యే వస్తాడు. అయితే లోపల ఎముకల పేర్లు మారిస్తే ఈ ఏర్పాటు కాపాడదు. కదలికలన్నీ ఎముక పేరుతోనే ముడిపడి ఉంటాయి కాబట్టి ఆ చెయ్యి కదలడం మానేస్తుంది.

షాటు పేరు `sq010_sh0040_anim_v003.blend` లాగా ఉంటే మంచిది. షాట్లను పదేసి చొప్పున లెక్కపెడితే, ఎడిటింగ్‌లో మధ్యన కొత్త షాటు వచ్చినా 0045 అని ఇరికించవచ్చు. ముందు సున్నాలు లేకపోతే కొన్ని సిస్టమ్‌లు 10ని 2 కన్నా ముందు చూపిస్తాయి.

ఇక బ్యాకప్. బ్లెండర్ తనంతట తాను ఉంచే `.blend1` మామూలుగా అంతకుముందు సేవ్ చేసిన ఒక్క కాపీయే. క్లౌడ్ సింక్‌నూ పూర్తిగా నమ్మలేం, ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. 1998లో పిక్సార్‌లో 'టాయ్ స్టోరీ 2' ఫైళ్లను పొరపాటున ఒక కమాండు చెరిపేస్తూ పోయింది. బ్యాకప్ ఉందనుకున్నారు, తీరా చూస్తే అది సరిగా పనిచెయ్యడం లేదు. పసిబిడ్డతో ఇంటి నుంచి పనిచేస్తున్న గాలిన్ సుస్మన్ కంప్యూటర్లో ఒక కాపీ ఉండబట్టి సినిమా బతికింది.

కాపీ ఉందా అని కాదు, తెరుచుకుంటుందా అని చూడాలి. ఆ పరీక్ష అదే కంప్యూటర్లో చేస్తే మోసపోతాం. ఫైలులో `D:\film\textures` అని పూర్తి చిరునామా ఉంటే, బ్యాకప్ ఫైలు గుట్టుగా అసలు ఫోల్డరుకే వెళ్లి బొమ్మలు తెచ్చుకుంటుంది. ముందుగా చిరునామాలన్నీ `//`తో మొదలయ్యేలా, అంటే ఆ ఫైలున్న చోటి నుంచి వెతుక్కునేలా మార్చాలి. ఆపైన ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కును వేరే కంప్యూటరుకు తగిలించి, ఏదో ఒక షాటు తెరిచి, నాలుగు ఫ్రేములు రెండర్ చేసి చూడాలి.